గోడకు అంటిన గుడ్లు: మా లైనులో 8 వారాల దోమల డైరీ

పోయిన అక్టోబరులో మా అమ్మాయికి డెంగీ వచ్చింది. 5 రోజులు ఆసుపత్రిలో, ప్లేట్‌లెట్ల రిపోర్టు వచ్చిన ప్రతిసారీ టెన్షన్. ఇంటికొచ్చాక చూస్తే మా లైనులో అదే నెలలో ఇంకో ముగ్గురికి వచ్చిందని తెలిసింది. ఈసారి వానలు ముదరకముందే పని మొదలుపెట్టాలనుకున్నాను. నేను గుంటూరులో హైస్కూలు బయాలజీ టీచర్ని. పాఠంలో దోమ జీవితచక్రం బొమ్మ ఏటా బోర్డు మీద వేస్తాను. ఆ బొమ్మలో గుడ్డు నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. డెంగీ దోమ విషయంలో అది తప్పని ఈ 8 వారాల్లో నా కళ్ళతో చూశాను.

జులై 6, ఆదివారం

లైనులో 12 ఇళ్ళు. పొద్దున్నే టార్చిలైటు, పెద్ద గరిటె, తెల్ల ప్లేటు, టీ వడకట్టే జాలి పట్టుకుని బయల్దేరాం, నేనూ మా అమ్మాయీ. నీళ్ళు నిలిచిన ప్రతిదీ రాసుకున్నాం. డ్రమ్ములు, సిమెంటు తొట్లు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్ళెం, పెరట్లో వాడకుండా పడేసిన రుబ్బురోలు, పిట్టలకు పెట్టిన మట్టి మూకుడు, కొబ్బరి చిప్పలు. మొత్తం 61. వాటిలో 13 చోట్ల పురుగులున్నాయి. 6 ఇళ్ళలో అన్నమాట.

చూసే పద్ధతి ఒకటి ఉంది. మన నీడ నీళ్ళ మీద పడగానే లార్వాలు గబుక్కున అడుక్కి దిగిపోతాయి. పైకి చూసి "ఏమీ లేవండీ" అనుకుని వెళ్ళిపోతాం. ఒక నిమిషం కదలకుండా నిలబడాలి. గాలి కోసం అవి మళ్ళీ పైకి రావాల్సిందే. తోక చివరి గొట్టం నీటి పైపొరకు తగిలించి తలకిందులుగా వేలాడతాయి. అప్పుడు గరిటెతో ముంచి తెల్ల ప్లేటులో పోస్తే దారపు ముక్కల్లా మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. వాటి మధ్య కామా గుర్తులా వంగి, తల లావుగా ఉన్నవి కనిపిస్తే అవి ప్యూపాలు. అంటే ఇంకో రెండు రోజుల్లో దోమలు.

మూడో ఇంటి పిన్నిగారికి నమ్మకం కలగలేదు. "మురుగు కాలవ అక్కడ పెట్టుకుని నా డ్రమ్మును అంటావేంటమ్మాయ్?" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. రాత్రిళ్ళు చెవి దగ్గర పాడే క్యూలెక్స్ దోమ నిజంగానే మురుగులో పుడుతుంది. డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై అలా కాదు. దానికి ఇంటి చుట్టూ నిలవున్న నీళ్ళు కావాలి. పొద్దున, మళ్ళీ సాయంత్రం చీకటి పడబోయే ముందు, మోకాళ్ళ కింద కుడుతుంది. కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి. పిన్నిగారి డ్రమ్ములోంచి తీసిన ప్లేటు ఆవిడ చేతికే ఇచ్చాను. చాలాసేపు చూసి, "ఇవి నేను స్నానానికి పోసుకునే నీళ్ళు" అని ఊరుకున్నారు.

జులై 7, సోమవారం

13 చోట్లా నీళ్ళు పారబోశాం. కాలవలో కాదు, ఎండ తగిలే మట్టిలో. కాలవలో పోస్తే కొన్ని బతికిపోవచ్చు, మట్టిలో పోస్తే అక్కడే ఎండిపోతాయి. పిన్నిగారి డ్రమ్ము బోర్లించి, సాయంత్రం పంపు వచ్చాక అంచుదాకా నింపాం. ఇక అయిపోయిందనే అనుకున్నాను.

జులై 8, మంగళవారం

బడికి వెళ్ళేముందు ఊరికే టార్చి వేసి చూశాను. పిన్నిగారి డ్రమ్ములో వెంట్రుక ముక్కల్లాంటి పిల్ల లార్వాలు, ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. నింపి 14 గంటలే అయింది.

దారంతా దీని గురించే ఆలోచించాను. రాత్రికి రాత్రి దోమ వచ్చి గుడ్డు పెట్టినా, ఆ గుడ్డులో పిల్ల తయారవడానికి కనీసం రెండు రోజులు పడుతుంది. పంపు నీళ్ళలో వచ్చి ఉంటాయా అంటే అదీ కాదు, అదే పంపు నీళ్ళు పట్టిన మా స్టీలు బిందెలో ఒక్కటీ లేదు. అంటే అవి ముందునుంచీ డ్రమ్ములోనే ఉన్నాయి. నీళ్ళు పారబోసినా పోని చోట.

జులై 10, గురువారం

పిన్నిగారి అనుమతితో డ్రమ్మును సగానికి ఖాళీ చేసి లోపలి గోడ చూశాను. పాత నీటిమట్టం ఎక్కడిదాకా ఉండేదో నాచు గీత చెబుతుంది. సరిగ్గా ఆ గీతకు కొంచెం పైన, రెండు మూడు వేళ్ళ వెడల్పున, నల్లటి చుక్కలు. మసి అంటుకున్నట్టుంది. పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి తెల్ల కాయితం మీద రాల్చాను. గసగసాల కన్నా చిన్నవి, పొడుగ్గా, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఫోను కెమెరా జూమ్ చేస్తే సన్నటి వడ్లగింజల్లా ఉన్నాయి.

బోర్డు మీద నేను వేసే బొమ్మలో లేనిది ఇదే. క్యూలెక్స్ తన గుడ్లను తెప్పలా కట్టి నీళ్ళ మీద వదులుతుంది. ఏడిస్ అలా వదలదు. నీళ్ళకు కొంచెం పైన, తడిగా ఉన్న గోడకు, ఒక్కొక్క గుడ్డునూ విడివిడిగా అంటించి పెడుతుంది. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లగా ఉండి కొద్ది గంటల్లో నల్లబడుతుంది. నీటిమట్టం పెరిగి గుడ్డును ముంచినప్పుడు పిల్ల బయటికొస్తుంది. వానాకాలంలో నీళ్ళు పెరుగుతాయని ఆ జాతికి తెలిసినట్టే. మనం చేసిందేమిటి? డ్రమ్మును అంచుదాకా నింపి గోడమీద గుడ్లన్నిటినీ ముంచాం. పురుగుల్ని పారబోసి, గుడ్లకు కావాల్సింది మేమే ఇచ్చాం.

ఇంకో సంగతి. ఒక ఆడదోమ ఒక విడతలో దాదాపు 100 గుడ్లు పెడుతుంది, కానీ అన్నీ ఒకేచోట పెట్టదు. కొన్ని ఈ డ్రమ్ములో, కొన్ని ఆ కుండీ పళ్ళెంలో, కొన్ని పక్కింటి మూకుడులో. ఒక ఇల్లు శుభ్రంగా ఉంటే చాలదు, లైను మొత్తం చేయాలి అనడానికి కారణం అదే.

జులై 11, శుక్రవారం

గుడ్లు ఎక్కడ ఎన్ని పడుతున్నాయో తెలియాలంటే ఏడిస్ దోమకు మనమే చోటు చూపించాలి. అర లీటరు ప్లాస్టిక్ మగ్గులు నాలుగు తీసుకుని బయటంతా నల్ల పెయింటు వేశాను, దానికి చీకటిగా ఉన్న పాత్ర ఇష్టం. లోపల చుట్టూ గరుకు నూలుగుడ్డ పేలిక, సగం నీళ్ళల్లో సగం పైకి ఉండేలా క్లిప్పులతో బిగించాను. ఎండుగడ్డి రెండు రోజులు నానబెట్టి వడకట్టిన నీళ్ళు కలిపాను, ఆ వాసనకు దోమలు వస్తాయి. లైనులో నాలుగు చోట్ల, నీడలో, నేలమీద పెట్టాం.

ఈ మగ్గును మరిచిపోతే మనమే దోమల్ని పెంచినట్టు. అందుకే శుక్రవారం పెట్టి బుధవారం తీసేయాలని నియమం పెట్టుకున్నాం. 5 రోజుల్లో గుడ్డు దోమ అవదు. గోడ మీద క్యాలెండర్లో మా అమ్మాయి ఎర్రపెన్నుతో రాసింది.

జులై 16, బుధవారం

నాలుగు పేలికలూ తీసి లెక్కపెట్టాం: 38, 52, 47, 61. మూడో పేలికను వేరుగా ఉంచాను. తడి కాయితంలో చుట్టి మూడు రోజులు ఉంచాలి. లోపల పిల్ల తయారవకముందే ఆరబెడితే గుడ్డు సొట్టపోయి చచ్చిపోతుంది, పరీక్ష పాడవుతుంది. మూడు రోజులయ్యాక నీడలో ఆరబెట్టి కవర్లో పెట్టి బీరువాలో దాచాను. ఎండిన గుడ్డు నిజంగా బతుకుతుందా లేదా చూడాలి.

జులై 18, శుక్రవారం

తోమే పని మొదలు. నీళ్ళు ఒంపడంతో సరిపెట్టకుండా ఇలా చేశాం. ముందు పాత్ర ఖాళీ చేయాలి. గుప్పెడు బ్లీచింగ్ పౌడరు, అంత బట్టలసబ్బు పొడి, కొంచెం నీళ్ళు కలిపి ముద్దలా చేసి నీటి గీత దగ్గర నుంచి పై అంచుదాకా లోపలంతా పూయాలి. పావుగంట ఆగాలి. తర్వాత కొబ్బరి పీచుతో గట్టిగా తోమి, కడిగి, ఆ నీళ్ళు మట్టిలో పోయాలి. పావుగంట ఆగకపోయినా, పూసి తోమకపోయినా పని సగమే అవుతుంది. చేతులకు గ్లౌజులు, పిల్లలు దూరంగా. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ దీనితో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఇది మాత్రం ప్రతి ఇంట్లో రెండుసార్లు చెప్పాను.

మూకుళ్ళు, కుండీ పళ్ళేల లాంటి చిన్నవాటికి ఇంత అక్కర్లేదు. మరిగే నీళ్ళు పోసి తోమితే చాలు. రుబ్బురోలును బాబాయిగారు ఇసకతో నింపేశారు.

డ్రమ్ము మూతలు కూడా చూశాం. ఒక ఇంట్లో మూత గుంటలా నొక్కుకుపోయి ఉంది, వాన నీళ్ళు అందులోనే నిలిచి, అందులోనే పురుగులు. ఇంకోచోట చీరముక్క కప్పారు, అది మధ్యలో జారి నీళ్ళను తాకుతోంది. గుడ్డ కప్పితే డప్పు చర్మంలా బిగుతుగా ఉండాలి, చుట్టూ తాడుతో కట్టాలి.

జులై 23, బుధవారం

మగ్గుల లెక్క: 44, 60, 39, 66. తగ్గలేదు సరికదా, మూడు చోట్ల పెరిగింది. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. నాకూ ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. మేం తోమకముందే పుట్టిన దోమలు ఇంకా ఎగురుతున్నాయి. ఆడదోమ రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతుంది. వాటికి డ్రమ్ములూ తొట్లూ దొరక్కపోయేసరికి మా మగ్గుల్లోకే వస్తున్నాయి. మొదటి రెండు మూడు వారాల లెక్కను బట్టి ఏదీ తేల్చకూడదు.

జులై 25, శుక్రవారం

శ్రావణమాసం మొదలైంది. మొదటి శ్రావణ శుక్రవారానికి ఎలాగూ ప్రతి ఇల్లూ కడుగుతారు. ఆరోగ్య శాఖ వాళ్ళు శుక్రవారం డ్రై డే అంటారు గానీ ఆ మాట మా లైనులో ఎవరి నోటా వినలేదు. పిన్నిగారే అన్నారు: "వాకిలి కడిగే చేత్తోనే డ్రమ్ము కూడా తోమేద్దాం, మళ్ళీ వేరే రోజెందుకు?" 12 ఇళ్ళలో 10 ఇళ్ళు తోమాయి. నేను ఒక్కదాన్నే తలుపులు తడితే ఇంతమంది కదిలేవాళ్ళు కాదు.

ఆగస్టు 2, శనివారం

బీరువాలోంచి పేలిక తీశాను. ఎండిపోయి రెండు వారాలైంది, అట్టముక్కలా గట్టిగా ఉంది. 39 మంచి గుడ్లు లెక్కపెట్టి గాజు సీసాలో పెట్టి, ఉదయం 10 గంటలకు నీళ్ళు పోసి, మూతికి పల్చటి గుడ్డ రెండు పొరలుగా కట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకు 9 పిల్లలు ఈదుతున్నాయి. మూడే గంటల్లో.

మా అత్తయ్యగారు సీసా దీపం దగ్గర పెట్టుకుని చూశారు. "చచ్చిన కట్టె చిగిరించినట్టుంది" అన్నారు.

ఆగస్టు 3 నుంచి 10 దాకా

రెండో రోజుకు 22 అయ్యాయి, ఇక పెరగలేదు. చేపలకు వేసే మేత చిటికెడు నలిపి వేశాను, ఎక్కువ వేస్తే నీళ్ళు కుళ్ళి చచ్చిపోతాయి. నాలుగో రోజుకు మెలికలు బాగా కనిపిస్తున్నాయి, విడిచిన పొరలు అడుగున పడ్డాయి. 8వ తేదీ శుక్రవారం సాయంత్రం మొదటి ప్యూపా. ప్యూపా మేత ముట్టదు. అందుకే లార్వాలు తిని చచ్చే బ్యాక్టీరియా మందు ఈ దశలో పనిచేయదు. ప్యూపాలు కనిపిస్తే పారబోయాల్సిందే. 10వ తేదీ ఆదివారం పొద్దున గుడ్డ కింద మూడు దోమలు వాలి ఉన్నాయి, కాళ్ళ మీద తెల్ల చారలతో. మీసాలు కుచ్చుల్లా ఉన్నాయి కాబట్టి మగవి, మగవే ముందు వస్తాయి. పిల్లలందరికీ చూపించి, గుడ్డ మీదుగానే మరిగే నీళ్ళు పోసేశాను.

తడిసిన దగ్గర నుంచి దోమ ఎగరడానికి మా ఇంట్లో, ఈ వేడికి, 8 రోజులు. శుక్రవారానికీ శుక్రవారానికీ 7 రోజులు. ఒక్క రోజు తేడాతో మనం గెలుస్తున్నాం. ఒక శుక్రవారం మానేస్తే 14 రోజులవుతుంది, ఆ లోపల ఒక తరం పూర్తిగా ఎగిరిపోతుంది. "పది రోజులకోసారి కడుగుతున్నాం కదా" అనే ఇంటికి ఈ లెక్కే చెప్పాను.

పొదగని 17 గుడ్లున్న పేలికను పారేయలేదు. మళ్ళీ ఆరబెట్టాను.

ఆగస్టు 13, బుధవారం

6, 0, 11, 55. మూడు చోట్ల పడిపోయింది. నాలుగో మగ్గు మాత్రం అలాగే ఉంది. అది చివరింటి మెట్ల కింద ఉంటుంది. ఆ ఇంట్లో ప్రతి గిన్నే నేనే చూశాను.

మొన్న వీధిలో పొగ మిషన్ వచ్చింది. పొగ తగిలిన దోమ చస్తుంది, గోడమీద గుడ్డుకూ నీళ్ళలోని పురుగుకూ ఏమీ కాదు. 55 అనే అంకె నాకు దాన్నే చూపించింది.

ఆగస్టు 17, ఆదివారం

దొరికింది. చివరింటి పై వాటా మే నెలలో ఖాళీ అయింది. తాళం పక్కింటి అన్నయ్య దగ్గరుంది. బాల్కనీలో పాత దుప్పటి కప్పి ఎయిర్ కూలర్. మన ఎండలకు ప్రతి ఇంట్లోనూ ఉండేదే. సామాను తీసుకెళ్తూ దాన్ని వదిలేశారు, అడుగున నీళ్ళు అలాగే ఉన్నాయి, జల్లు పడ్డప్పుడల్లా ఇంకొంచెం చేరింది. దుప్పటి ఎత్తగానే నాలుగైదు దోమలు లేచాయి. లోపల వందల కొద్దీ పురుగులు, నీటి మీద ప్యూపాలు విడిచిన పొట్టు తేలుతోంది. పొట్టు తేలుతోందంటే అక్కడినుంచి ఇప్పటికే దోమలు ఎగిరాయని అర్థం.

నీళ్ళు ఒంపేయడం తేలిక. అసలు చోటు పక్కల గడ్డి ప్యాడ్లు. కింది భాగం తడిగా ఉంటుంది కాబట్టి అక్కడ నల్ల చుక్కలు చిక్కగా ఉన్నాయి. గడ్డిని తోమలేం. ఆ ప్యాడ్లను అలాగే దాచి వచ్చే మార్చిలో నీళ్ళు పోస్తే, గుడ్లు నెలల తరబడి బతుకుతాయి కాబట్టి, ఇంట్లోనే పొదుగుతాయి. ప్యాడ్లు తీసి మట్టి తవ్వి పూడ్చాం, ట్యాంకుకు బ్లీచింగ్ ముద్ద పూసి తోమి, బోర్లించి ఆరబెట్టాం. తర్వాత మిగతా ఇళ్ళలో అటకలెక్కిన కూలర్లు దింపించాం. ఏడింటిలో రెండిటి అడుగున ఇంకా తడి ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

ఆరబెట్టిన ఆ 17 గుడ్ల పేలికను మళ్ళీ నీళ్ళలో ముంచాను. సాయంత్రానికి 5 పిల్లలు వచ్చాయి. మొదటి తడికి అన్నీ పొదగవు, కొన్ని రెండో తడికి, మూడో తడికి ఆగుతాయి. ఒక వాన తప్పినా జాతి నిలవాలని. తొట్టిని ఒక్కసారి కడిగి ఊరుకుంటే ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తాయో పిన్నిగారికి ఈ సీసా చూపించి చెప్పాను. ఆవిడ ఆ సీసా తీసుకెళ్ళి ఎదురింట్లో చూపించారు.

ఆగస్టు 29, శుక్రవారం

బుధవారం తీసిన లెక్క: 4, 7, 0, 9. సున్నా కాదు. ఈ దోమ సాధారణంగా పుట్టిన చోటికి 100, 200 మీటర్ల లోపలే తిరుగుతుంది, కానీ పక్క లైను మాకు 30 మీటర్లు కూడా లేదు. అక్కడ ఇంకా ఎవరూ తోమడం లేదు. ఇవాళ పొద్దున 11 ఇళ్ళు తోమాయి. పై వాటాలోకి ఒకటో తేదీన కొత్తవాళ్ళు దిగుతున్నారట, వాళ్ళు రెండు నీలం డ్రమ్ములు ముందే పంపించారు, మెట్ల కింద పెట్టి ఉన్నాయి. పాతవి కొన్నారో ఏమో, లోపల టార్చి వేసి చూస్తే నీటి గీత ఉంది, దాని పైన నల్ల చుక్కలున్నాయి. బ్లీచింగ్ ముద్ద కలిపి ఉంచాను. పిన్నిగారు పీచు తెస్తానన్నారు.